సోయా, బాదం, ఓట్స్, కొబ్బరి: ఏ పాలు ఏ వేడికి నిలుస్తాయి

గ్లాసులో చిక్కటి డికాషన్ వేసి, పొయ్యి మీద బాగా కాగిన సోయా పాలు పైనుంచి పోస్తే చాలాసార్లు అర నిమిషం కూడా గడవదు. పైన తెల్లటి తరకలు తేలతాయి, వాటి మధ్య గోధుమ రంగు తేట కనిపిస్తుంది. డబ్బా పాడైపోయిందనుకుని సింకులో పారబోసేవాళ్లు చాలామంది. నిజానికి పాలు బాగానే ఉంటాయి. ఆవు పాలకు, గేదె పాలకు మనం చేసే పనే వీటికీ చేశాం, అంటే మరగబెట్టి డికాషన్ మీద పోశాం. తేడా అక్కడే వచ్చింది.

మొక్కల నుంచి తీసే పాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ చిక్కంతా. చూడటానికి నాలుగూ తెల్లగానే ఉంటాయి, కానీ ఆ తెలుపు నాలుగింటికీ ఒకే చోట నుంచి రాదు. సోయా పాలను నిలబెట్టేది ప్రధానంగా ప్రొటీన్, వంద మిల్లీలీటర్లకు దాదాపు 3 గ్రాములు ఉంటుంది. చిక్కటి కొబ్బరి పాలను నిలబెట్టేది కొవ్వు, అది వందకు 20 గ్రాముల దాకా ఉండొచ్చు. ఓట్స్ పాలకు చిక్కదనం ఇచ్చేది పిండిపదార్థం. బజారులో దొరికే బాదం పాలలో బాదం వాటా చాలా తక్కువ, ఎక్కువ భాగం నీళ్లే. వాటిని చిక్కగా అనిపించేలా చేసేది కాస్త జిగురు పదార్థం. ప్రొటీన్‌ను పులుపు విరుస్తుంది, కొవ్వును గట్టి మరుగు విడదీస్తుంది, పిండిని వేడి గంజిలా మారుస్తుంది. చేతిలో ఉన్న పాలను ఏది నిలబెడుతోందో తెలిస్తే, దాన్ని ఏది చెడగొడుతుందో కూడా ముందే చెప్పొచ్చు.

ఇంకో సంగతి. మన దేశంలో అమ్మే డబ్బాల మీద 'సోయా మిల్క్' అని కాకుండా 'సోయా బెవరేజ్', 'ఆల్మండ్ డ్రింక్' లాంటి పేర్లు కనిపిస్తాయి. పాలు అనే మాటను పశువుల పాలకే వాడాలన్న ఆహార నిబంధన వల్ల అలా రాస్తారు, అది వేరే సరుకేమీ కాదు. అలాగే స్వీటు దుకాణాల్లో, జ్యూస్ బండ్ల దగ్గర అమ్మే బాదం పాలు ఆవు పాలలోనో గేదె పాలలోనో బాదం ముద్ద, కుంకుమపువ్వు కలిపినవి. ఈ వ్యాసంలో బాదం పాలు అంటే అవి కావు, పశువుల పాలు లేకుండా బాదం, నీళ్లతో చేసినవి.

సోయా: పులుపూ వేడీ కలిసి వచ్చినప్పుడు

పీహెచ్ అనే కొలతలో 7 అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. సోయా పాలు 7కు దగ్గరగా ఉంటాయి, కాఫీ సాధారణంగా 5 చుట్టూ ఉంటుంది. సోయా ప్రొటీన్ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో విడివిడిగా తేలుతుంటాయి. పులుపు పెరిగేకొద్దీ ఆ నెట్టుకునే శక్తి తగ్గుతుంది. పీహెచ్ 6 కంటే దిగువకు జారాక వేడి కూడా తోడైతే రేణువులు గుంపులు కట్టి తరకలవుతాయి. సోయా పనీర్ అని పిలిచే టోఫు చేయడానికి వేడి సోయా పాలలో కాల్షియం లేదా మెగ్నీషియం లవణమో, పులుపో వేసేది ఇందుకే. విరిగిన కాఫీ గ్లాసులో జరిగింది కూడా అదే, మనం అడగకుండానే కాస్త టోఫు తయారైంది.

మరి ఆవు పాలు ఎందుకు విరగవు? వాటిలో ఎక్కువగా ఉండే కేసిన్ అనే ప్రొటీన్ మరుగును బాగా తట్టుకుంటుంది. సోయాలోని ప్రొటీన్లు ముడుచుకుని ఉండేవి. దాదాపు 75 నుంచి 90 డిగ్రీల మధ్య ఆ మడతలు విప్పుకుంటాయి, అప్పుడు ఒకదానికొకటి అంటుకోవడం తేలిక. కాబట్టి ఫిల్టర్ కాఫీకి సోయా పాలు వాడేటప్పుడు మార్చాల్సినవి రెండు: ఒకటి వేడి, రెండోది పోసే వరుస.

ఒక గ్లాసుకు 120 మిల్లీలీటర్ల సోయా పాలు, 30 నుంచి 40 మిల్లీలీటర్ల డికాషన్ అనుకుందాం. ముందు డబ్బాను బాగా కుదపండి. కంపెనీ కలిపిన కాల్షియం పొడి అడుగున పేరుకుని ఉంటుంది, కుదపకపోతే చివరి గ్లాసులో సున్నంలా తగులుతుంది. పాలను సన్నని మంట మీద పెట్టి, ఆవిరి లేవడం మొదలవగానే, బుడగలు రాకముందే దించేయండి. అది 60 నుంచి 65 డిగ్రీలు. డబ్బా పాలు ఫ్యాక్టరీలోనే బాగా వేడి చేసినవి, మళ్లీ పొంగించాల్సిన పని లేదు. డికాషన్‌ను కూడా దిగీ దిగగానే వాడకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఇప్పుడు పాలనే ముందు గ్లాసులో పోసి, డికాషన్‌ను సన్నటి ధారగా కలుపుతూ పోయండి.

వరుస ఎందుకు ముఖ్యమంటే, డికాషన్ మీద పాలు పోసినప్పుడు మొదట పడిన పాలచుక్క పూర్తి పులుపులో మునుగుతుంది, అక్కడే విరుగుతుంది. పాలలోకి డికాషన్ పోస్తే పులుపు కొంచెం కొంచెంగా వచ్చి ఎక్కువ పాలలో కలిసిపోతుంది. చివరికి రెండు గ్లాసుల్లోనూ అదే పాలు, అదే డికాషన్. కానీ ఒకసారి కట్టిన తరకలు మళ్లీ కరగవు కాబట్టి దారి మధ్యలో ఏం జరిగిందన్నది లెక్కలోకి వస్తుంది.

ఇంత చేసినా విరిగితే గింజను మార్చి చూడండి. తక్కువ వేయించిన అరబికా గింజల్లో పులుపు ఎక్కువ. ముదురుగా వేయించిన పొడి సోయాకు మేలు. నిన్నటి డికాషన్ కంటే తాజాది మేలు, నిలవ ఉండేకొద్దీ దానిలో పులుపు పెరుగుతుంది. ఆఖరి ఉపాయం వంట సోడా. నాలుగు గ్లాసులకు సరిపోయే డికాషన్‌లో చిటికెలో సగం చాలు. చిటికె దాటితే కాఫీకి సబ్బు రుచి వస్తుంది.

నురగ విషయంలో మాత్రం సోయాకు మంచి మార్కులు పడతాయి. నురగ అంటే గాలి బుడగల చుట్టూ కట్టిన ప్రొటీన్ పొర, సోయాలో ప్రొటీన్ దండిగా ఉంది. గ్లాసూ గిన్నే పట్టుకుని రెండుసార్లు తిరగపోస్తే చాలు, నురగ లేచి కాసేపు నిలుస్తుంది.

ఇంట్లో సోయా పాలు తీసేవాళ్లకు జాగ్రత్త వేరు. నానబెట్టిన గింజల పచ్చి వాసన పోవాలంటే చన్నీళ్లతో కాకుండా మరుగుతున్న వేడి నీళ్లతో రుబ్బాలి. 100 గ్రాముల ఎండు గింజలకు 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు నీళ్లు సరిపోతాయి. వడకట్టాక ఆ పాలను తప్పకుండా మరిగించాలి. పచ్చి సోయాలో జీర్ణానికి అడ్డుపడే పదార్థం ఒకటి ఉంటుంది, అది వేడికే పోతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. సోయా పాలు మరగడానికి ముందే నురగ కట్టి పైకి పొంగుతాయి. అది మరుగు కాదు. మంట తగ్గించి, నురగ అణిగాక, అడుగంటకుండా కలుపుతూ మరో 10 నుంచి 15 నిమిషాలు ఉడకనివ్వాలి.

ఓట్స్: ఇంట్లోవీ డబ్బావీ ఒకటి కావు

కాఫీకి ఏ పాలు ఎంచుకోవాలో ఒక్క మాటలో చెప్పమంటే డబ్బా ఓట్స్ పాలే, అందులోనూ 'బరిస్టా' అని రాసినవి. ప్రొటీన్ వందకు 1 గ్రాము దగ్గరే ఉంటుంది కాబట్టి తరకలు కట్టడానికి సరుకే తక్కువ. ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు నాలుక మీద మీగడ లాంటి మెత్తదనం ఇస్తుంది. బరిస్టా రకంలో నూనె ఎక్కువ కలుపుతారు, దాంతో చిక్కదనం వస్తుంది. పులుపును అదుపు చేసే ఫాస్ఫేట్ లవణం కూడా వేస్తారు. డబ్బా వెనక పదార్థాల జాబితాలో 'అసిడిటీ రెగ్యులేటర్' అని గానీ, ఐఎన్‌ఎస్ 340 అని గానీ కనిపిస్తే అదే. కాఫీ పులుపు పాల మీద పడగానే ఆ లవణం కొంత దెబ్బను తాను తీసుకుంటుంది. ఈ అంకె సోయా డబ్బా మీద ఉన్నా మంచి గుర్తే. ఇది చూడకుండా, ముందువైపు బొమ్మ చూసి డబ్బా కొనకండి.

ఇంట్లో ఓట్స్ నానబెట్టి మిక్సీ వేసి వడకట్టిన పాలు వేరే జాతి. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు రికార్డ్ ఓస్తె 1990ల్లో ఓట్స్ పానీయాన్ని రూపొందించిన పద్ధతిలో కీలకం ఎంజైములు. అవి ఓట్స్ పిండిని ముక్కలు చేసి కొంత భాగాన్ని మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తాయి. పిండి అప్పటికే విరిగిపోయింది కాబట్టి ఆ పాలను వేడి చేసినా గంజి కాదు. చక్కెర కలపలేదని రాసి ఉన్న డబ్బా కూడా తియ్యగా ఉండటానికి కారణం ఇదే, కాఫీలో పంచదార సగానికి తగ్గించుకోవచ్చు. ఇంటి పాలలో పిండి చెక్కుచెదరకుండా ఉంటుంది. 60 డిగ్రీలు దాటేసరికి అది నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, కాఫీ జారుడుగా, గొంతులో సాగేలా తయారవుతుంది.

మంచు చల్లటి నీళ్లు వాడటం, మిక్సీ 30 సెకన్లకు మించి తిప్పకపోవడం, గుడ్డలో పిండకుండా దానంతట అది దిగనివ్వడం, ఇవన్నీ జిగురును తగ్గిస్తాయి. కానీ ఇవి చల్లటి కాఫీకే పనికొస్తాయి. వేడి చేశాక పిండి తన పని తాను చేస్తుంది, ఈ జాగ్రత్తలేవీ దాన్ని ఆపవు. ఆ గుణాన్నే వంటలో వాడుకోవచ్చు. టమాటా సూపుకో, మైదా లేకుండా తెల్ల సాసుకో ఇంటి ఓట్స్ పాలు కలిపి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు తిప్పితే కార్న్‌ఫ్లోర్ అక్కర్లేకుండానే చిక్కబడుతుంది.

బాదం

డబ్బా బాదం పాల గురించి చెప్పేది కొద్దిగానే ఉంది. వందకు అర గ్రాము చుట్టూ ఉండే ప్రొటీన్‌తో నురగ నిలవదు, కాఫీ పలచబడుతుంది. పులుపు ఎక్కువున్న కాఫీలో సన్నటి పొట్టులాంటి తునకలు కూడా తేలతాయి. చిక్కటి ఫిల్టర్ కాఫీకి అలవాటు పడిన నాలుకకు ఇవి నచ్చడం కష్టం. ఓట్స్ నానబెట్టుకోవడానికో, స్మూతీకో, చల్లటి కాఫీకో బాగుంటాయి.

ఇంట్లో తీసినవి మాత్రం చాలా మెరుగు. 100 గ్రాముల బాదం పప్పును ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, 400 మిల్లీలీటర్ల నీళ్లతో మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టి పిండితే డబ్బా పాలకంటే ఎన్నో రెట్లు బాదం ఉన్న పాలు వస్తాయి. వీటిని ఆవిరి లేచేదాకా వేడి చేయొచ్చు. మరిగిస్తే చిక్కబడి రవ్వరవ్వగా మారతాయి. సేమ్యా పాయసంలో ఆ చిక్కదనం కావాల్సిందే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. సేమ్యాను నీళ్లలో ఉడికించి, ఆఖరి ఐదు నిమిషాల్లో ఈ పాలు పోసి కలుపుతూ దించితే సరిపోతుంది.

కొబ్బరి: మరుగే శత్రువు

కొబ్బరి పాలు నీళ్లలో చెదిరిన కొవ్వు బిందువులు. ప్రతి బిందువు చుట్టూ పలచటి ప్రొటీన్ పొర ఉండి, పక్క బిందువుతో కలిసిపోకుండా కాపాడుతుంది. దాదాపు 80 డిగ్రీలు దాటితే ఆ ప్రొటీన్ చెడి గడ్డకట్టడం మొదలవుతుంది. పైగా మరుగు కుదుపుకు బిందువులు ఒకదానికొకటి గుద్దుకుని కలిసిపోతాయి. పైన నూనె, కింద పలచటి నీళ్లు, మధ్యలో సన్నటి పలుకులు మిగులుతాయి. మొదటి పాలు చివర్లో పోయాలి, పోశాక మరగనివ్వకూడదు అని ఇళ్లలో చెప్పే మాట వెనక ఉన్న కారణం ఇదే.

ఒక మధ్యరకం కొబ్బరికాయ తురుముకు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోసి రుబ్బి పిండితే చిక్కటి మొదటి పాలు వస్తాయి. నీళ్లు వెచ్చగా ఉండాలన్నది రుచి కోసం కాదు. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చన్నీళ్లు పోస్తే కొవ్వు పిప్పిలోనే ఉండిపోతుంది. అదే పిప్పికి ఇంకో గ్లాసున్నర నీళ్లు పోసి రుబ్బితే పలచటి రెండో పాలు వస్తాయి. రెండో పాలలో కొవ్వు తక్కువ కాబట్టి వాటిలో కూరగాయలు ఎంతసేపు ఉడికినా నష్టం లేదు. మొదటి పాలు కలిపాక మూత పెట్టకుండా, అంచున సన్నటి బుడగలు కనిపించేదాకా మాత్రమే ఉంచి దించేయాలి.

కొబ్బరి పాల పులావ్‌కు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. కుక్కర్లో నూనె విడిపోతుంది, విడిపోయి బియ్యం గింజలకు పడుతుంది, మెతుకు పొడిపొడిగా రావడానికి అది సాయమే. థాయ్ కూరల్లో అయితే చిక్కటి కొబ్బరి పాలను నూనె తేలేదాకా కావాలనే కాచి, ఆ నూనెలో మసాలా ముద్ద వేయిస్తారు. విడిపోవడం తప్పా ఒప్పా అన్నది వంటను బట్టే ఉంటుంది.

వేడి కాఫీలో కొబ్బరి పాలు వద్దనే మా అభిప్రాయం. పైన నూనె చుక్కలు తేలతాయి, విడిపోయిన నూనె నురగను చంపేస్తుంది, కొబ్బరి వాసన డికాషన్ వాసనను కమ్మేస్తుంది. ఐసు వేసిన కాఫీలో ఒకటి రెండు చెంచాలు బాగుంటాయి, అదీ కాఫీ పూర్తిగా చల్లారకముందే కలిపితే. ఐసు మీద నేరుగా పోస్తే కొవ్వు గట్టిపడి మైనం పలుకుల్లా నోటికి తగులుతుంది.

ఒకే కుర్మా, మూడు రకాల పాలు

కుర్మాలో రెండు పెద్ద టమాటాలు, ఉల్లిపాయ, మసాలా వేగి ఉన్నాయనుకుందాం. టమాటా పీహెచ్ 4.3 చుట్టూ ఉంటుంది, అంటే కాఫీ కంటే పులుపు. అందులో నేరుగా ఒక కప్పు సోయా పాలు పోసి మరిగిస్తే విరగడం దాదాపు ఖాయం. మజ్జిగ పులుసుకు మనం ఏం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. మజ్జిగలో శనగపిండి కలిపి మరీ పొయ్యి మీద పెడతాం. పిండి వేడికి ఉబ్బి ప్రొటీన్ రేణువుల మధ్య అడ్డుగా నిలుస్తుంది, అవి గుంపు కట్టలేవు. అదే పని ఇక్కడా చేయొచ్చు. కప్పు చల్లటి సోయా పాలలో రెండు చెంచాల శనగపిండిని గానీ, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్‌ను గానీ ఉండలు లేకుండా కలపండి. మంట బాగా తగ్గించి, గ్రేవీని రెండు గరిటెలు తీసి ఆ పాలలో కలిపి వెచ్చబరచండి. తర్వాత మొత్తం గిన్నెలో పోసి, పిండి పచ్చివాసన పోయేదాకా సన్నని సెగ మీద కలుపుతూ ఉంచండి. ఇంకా భద్రంగా ఉండాలంటే టమాటా ఒకటి తగ్గించండి. నిమ్మరసం పిండాలనుకుంటే దించాక, తినేముందు.

అదే గ్రేవీకి కొబ్బరి పాలైతే పులుపు గురించి ఇంత బెంగ అక్కర్లేదు. ప్రొటీన్ తక్కువ, కొవ్వే ప్రధానం. మరగనివ్వకపోతే చాలు. డబ్బా ఓట్స్ పాలు విరగవు గానీ కుర్మాకు తీపి తెస్తాయి, ఎక్కువసేపు ఉడికిస్తే ఆ చక్కెర అడుగంటుతుంది. కారం గట్టిగా ఉండే కూరలో ఆ తీపి తెలిసిపోతుంది కాబట్టి వాటిని కుర్మాకు వాడమని చెప్పలేం.

బెల్లం పరమాన్నం ఇంకో పరీక్ష. పొయ్యి మీద ఉండగానే బెల్లం వేస్తే పశువుల పాలు విరుగుతాయని, దించి చల్లారాక కలపాలని అందరికీ తెలుసు. బెల్లంలో కాస్త పులుపూ ఉంది, ఖనిజ లవణాలూ ఉన్నాయి. సోయాకు ఆ రెండూ పడవు, కాబట్టి బెల్లం వంటకు సోయా ఎంచుకోకపోవడమే మేలు. ప్రథమన్ అనే కేరళ పాయసాల్లో బెల్లం, కొబ్బరి పాలు కలిసి చక్కగా నిలుస్తాయి. బియ్యాన్ని రెండో పాలలో ఉడికించి, కరిగించి వడకట్టిన బెల్లం పాకం కలిపి ఐదు నిమిషాలు ఉంచి, మొదటి పాలు పోసి వెంటనే దించేయండి.

చెడినప్పుడు ఏం చెడిందో చూడండి

పాలు చెడ్డాయి అనే ముందు గరిటెతో తీసి వెలుగులో చూడండి. తెల్లటి మెత్తటి తరకలు, చుట్టూ తేట ఉంటే ప్రొటీన్ విరిగింది. అది వెనక్కి రాదు, గ్రేవీ అయితే మిక్సీలో తిప్పి రూపం సరిచేసుకోవచ్చు గానీ కాఫీని కాపాడలేం. చెంచా ఎత్తితే తీగలా సాగితే పిండి ఉబ్బింది. నీళ్లు కలిపితే పలచబడుతుంది గానీ సాగే గుణం పోదు, దాన్ని సూపులోకి మళ్లించండి. మెరిసే నూనె చుక్కలు తేలితే కొవ్వు విడిపోయింది. ఇది మాత్రం బాగుపడుతుంది. రెండు గరిటెల గ్రేవీ తీసి, అర చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపిన చల్లటి నీళ్లు జోడించి మిక్సీలో అర నిమిషం తిప్పి, తిరిగి గిన్నెలో కలిపితే చాలావరకు కలిసిపోతుంది. తాగాక అడుగున తెల్లటి పొడి కనిపిస్తే అది కుదపని డబ్బాలోని కాల్షియం, చెడిపోయినట్టు కాదు.

కొత్త కంపెనీ డబ్బా తెచ్చినప్పుడు గిన్నెడు కాఫీ కలిపేముందు చెంచాడు వేడి డికాషన్ మీద మూడు చెంచాల వేడి పాలు పోసి, కలపకుండా ఒక నిమిషం చూడండి. ఇది కావాలనే తప్పు వరుసలో చేసే పరీక్ష. ఇందులో తరకలు కట్టకపోతే ఆ పాలను మీ పొడితో ఎలా కలిపినా ఫర్వాలేదు. కడితే ఆ డబ్బాను కాఫీకి 65 డిగ్రీల లోపే, పాలు ముందు డికాషన్ తర్వాత అనే వరుసలోనే వాడండి.